గుడ్‌నైట్‌లో అరసున్న

"నాయనమ్మా, అందులో అలా లేదు."

డాలస్‌లో నిరుడు చలికాలం, రాత్రి ఎనిమిది. కొడుకూ కోడలూ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్నారు. రెండేళ్ల మనవడు మంచం మీద దొర్లుతున్నాడు. నాలుగు దాటి ఐదులో పడిన మనవరాలు అట్టపుస్తకం ఒకటి తెచ్చి నాయనమ్మ ఒళ్లో పెట్టి, చదవమంది. నాయనమ్మ బొమ్మలు చూసింది. పచ్చటి గది, కిటికీలో చందమామ, మంచం మీద కుందేలు పిల్ల. ఇంకేం, కథ అందుకుంది. "అనగనగా ఒక ఊళ్లో ఒక కుందేలు..."

రెండు పేజీలు తిరిగేసరికి ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. మొదటి పేజీకి వెనక్కి తిప్పి, అక్షరాల కింద వేలు పెట్టి, కంఠతా వచ్చిన ఇంగ్లీషు గడగడా చెప్పింది. పిల్లకీ ఇంకా చదవడం రాదు. కానీ ఆ అక్షరాలు చెప్పే మాటలు వేరనీ, నాయనమ్మ చెప్తున్నవి అవి కావనీ దానికి తెలుసు.

ఆవిడ ఈ సంగతి నాకు చెప్పింది ఏప్రిల్లో, తెనాలి తిరిగొచ్చిన వారానికి. మా మేడ మీద వాటాలో నేనుంటాను, కింద వాటాలో ఆవిడ. నేను సర్కారు బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఆవిడకి అరవై ఎనిమిది. నేను అక్కయ్యగారూ అంటాను, ఆవిడ నన్ను టీచరుగారూ అంటారు.

"పిల్ల తప్పుపట్టిందని కాదు టీచరుగారూ. అది నిజమే కదా. అందులో లేనిది ఉన్నట్టు చెప్పాను. ఆ పుస్తకం ఒక్కటి చదవడం నేర్పండి. ఒక్కటంటే ఒక్కటి."

పుస్తకం కూడా వెంట తెచ్చుకున్నారు. గుడ్‌నైట్ మూన్. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాశారు, క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేశారు, 1947లో న్యూయార్క్‌లో అచ్చయింది. మొత్తం నూట ముప్పై మాటలుంటాయేమో. కుందేలు పిల్ల పడుకోబోతూ గదిలో ఉన్న ఒక్కొక్క వస్తువుకీ గుడ్‌నైట్ చెప్పుకుంటుంది, అంతే కథ. బొమ్మల్లో మాత్రం చెప్పని కథలు చాలా ఉన్నాయి. గదిలోని గడియారాలు మొదట ఏడు గంటలు చూపిస్తాయి, పుస్తకం ముగిసేసరికి ఎనిమిదీ పది. కిటికీలో చందమామ పేజీపేజీకీ కొంచెం పైకి లేస్తుంది. రంగుల పేజీల్లో ఎక్కడో ఒక చిట్టెలుక ఉంటుంది, ప్రతిసారీ ఒక కొత్త చోట.

అదే 1947లో, జూలైలో, మద్రాసులో మన 'చందమామ' పుట్టింది. దాన్ని నడిపిన చక్రపాణి మా తెనాలివారే. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలివారే. అక్కయ్యగారి చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు మొదలయ్యే హైస్కూలు పక్క ఊళ్లో ఉండటంతో పంపలేదు. ఆ తర్వాత ఆవిడకి బడి చందమామే. పిల్లల్ని ఒళ్లో వేసుకుని బేతాళ కథలు చదివి వినిపించిన మనిషి. తెలుగు చదువుతుంటే వినాలి. కామా దగ్గర ఎంత ఆగాలో, ప్రశ్న దగ్గర గొంతు ఎక్కడ లేపాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు చందమామల మధ్య దారి వెయ్యడమే నాకు మిగిలిన పని అనుకున్నాను. అది నేననుకున్నంత దగ్గర దారి కాదు.

నా దగ్గరికి రాకముందే ఆవిడ ఊళ్లో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకి నాలుగు రోజులు వెళ్లొచ్చారట. మొదటి రోజే బోర్డు మీద కాలాలు పన్నెండూ రాసి కంఠతా పట్టమన్నారు. ఉద్యోగాలకి వెళ్లే కుర్రాళ్లకి అది అవసరమేమో. నిద్రపోయే పిల్లకి పుస్తకం చదవాల్సిన మనిషికి మొదట కావలసింది అక్షరం నోట పలకడం.

పెద్ద అక్షరాలు ఆవిడకి వచ్చు. బ్యాంకు బోర్డు, మందుల షాపు, రైలు పెట్టె మీద నంబర్లు చూసి ఎప్పుడో పట్టేశారు. కానీ పిల్లల పుస్తకంలో దాదాపు అన్నీ చిన్న అక్షరాలే. అందుకని జూన్‌లో చిన్న అక్షరాలతో మొదలుపెట్టాను, అదీ ఏ-బి-సి-డి వరసలో కాదు. ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్. బ్రిటన్ బళ్లలో శబ్దాలతో చదువు నేర్పే పద్ధతిలో ఈ ఆరూ ముందొస్తాయి. ఎందుకంటే ఈ ఆరింటితోనే పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, న్యాప్, స్పిన్ లాంటి మాటలు అప్పటికప్పుడు కట్టుకోవచ్చు. నియమం ఒక్కటే: అక్షరం పేరు చెప్పకూడదు, చప్పుడు చెప్పాలి. ఎస్ కాదు, స్. టి కాదు, ట్. ఇది ఆవిడకి పిల్లలకన్నా తొందరగా వచ్చింది. గుణింతం నేర్చిన నోరు కదా. హల్లుకి అచ్చు తగిలితే ఏమవుతుందో ఆవిడకి ఐదేళ్లప్పుడే తెలుసు.

మూడు వారాల్లో చిన్న మాటలు వచ్చేశాయి. అప్పుడు పుస్తకం తీశాం. తీసీ తీయగానే అట్ట మీదే ఆగిపోయాం.

ఆ పుస్తకం పేరులో రెండే మాటలున్నాయి. తెలుగు చదివేవాళ్లని ఇంగ్లీషు ఎక్కడెక్కడ పట్టి ఆపుతుందో అన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. గుడ్‌లో రెండు ఓలు పక్కపక్కన, మూన్‌లోనూ రెండు ఓలు పక్కపక్కన. ఒకటి హ్రస్వం, ఒకటి దీర్ఘం.

"దీర్ఘం గుర్తు ఎక్కడుంది?" అని అడిగారు.

"లేదండీ."

"మరి చదివేవాడికి ఎలా తెలుస్తుంది?"

ముప్పై ఏళ్లలో ఏ పిల్లా నన్ను ఇలా అడగలేదు. వాళ్లు నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఈవిడ అడగడానికి కారణముంది. అరవై ఏళ్లుగా రాసి ఉన్నది చదివితే చాలు, అక్షరం ఎప్పుడూ మోసం చేయలేదు. కొమ్ము ఒక వంపు తిరిగితే ఉ, ఇంకో వంపు తిరిగితే ఊ. కొత్తగా అక్షరాలు దిద్దుకునే పిల్లకి ఈ నమ్మకం ఇంకా కుదరలేదు గనక పోయేదేమీ లేదు. చదువుకున్న పెద్దవాళ్లకి మాత్రం ఇంగ్లీషులో అసలు కష్టం ఇక్కడే. కంటిని ఒక్కదాన్నే నమ్మితే చాలదు, చెవిని కూడా పిలవాలి.

చెవిని పిలవడానికి దారి మన తెలుగులోనే దొరికింది. ఆవిడ రోజూ వాడే మాటలు కాగితం మీద రాశాను: బస్సు, పెన్ను, కప్పు, బుక్కు, రూము, స్పూను, బెలూను. వీటిలో ఏది విదేశీ మాట అంటే ఆవిడ నవ్వారు. ఇవన్నీ మన ఇంట్లోవే కదా! ఇప్పుడు చివరి ఉకారం తీసెయ్యండి అన్నాను. బస్, పెన్, కప్, రూమ్, స్పూన్. తెలుగు మాట అచ్చుతో ముగియాలని మన నోటికి అలవాటు. అందుకే ఏ ఇంగ్లీషు మాట వచ్చినా చివర ఒక ఉ తగిలించి ఇంట్లోకి రానిస్తాం. ఆ ఉ తీసేస్తే మాట పుట్టింటికి వెళ్లిపోతుంది.

అందులోనే హ్రస్వదీర్ఘాల జాడ కూడా ఉంది. బుక్కులో కకారానికి ఒత్తుంది. రూములో మకారానికి లేదు. హ్రస్వం తర్వాత వచ్చే హల్లుని మనం ఒత్తి పలుకుతాం, దీర్ఘం తర్వాత వచ్చేదాన్ని వదిలేస్తాం. బస్సు, పెన్ను, కప్పు అన్నీ ఇలాగే. కాబట్టి రెండు ఓలు కనబడి తేల్చుకోలేకపోతే, ఆ మాట మన ఇళ్లలో ఎలా అంటారో ఒకసారి అనుకోండి అన్నాను. స్పూనా, స్పున్నా? స్పూను. అయితే దీర్ఘం. బుక్కా, బూకా? బుక్కు. అయితే హ్రస్వం. అన్నిటికీ ఇది పనికిరాదు, మన ఇళ్లలోకి రాని మాటలు చాలా ఉన్నాయి. రెండు ఓల తర్వాత కె వస్తే దాదాపు ఎప్పుడూ హ్రస్వమేనని ఇంకో గుర్తు చెప్పాను: లుక్, కుక్, టుక్. గుడ్ మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇక నైట్. ఎన్, ఐ, జి, హెచ్, టి. ఆవిడ నిగ్‌హ్ట్ అని విడదీసి పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పలకని అక్షరాలు రాయడమెందుకు?"

ఒకప్పుడు పలికేవాళ్లండీ అన్నాను. పాత ఇంగ్లీషులో ఆ చోట ఒక ఒరిపిడి హకారం వచ్చేది. 1476లో కాక్స్‌టన్ లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లమెల్లగా స్థిరపడిపోయింది. నోరు మాత్రం ఎక్కడా ఆగలేదు. ఆ హకారం నోట్లోంచి జారిపోయింది, కాగితం మీద ఉండిపోయింది.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా తాతగారి భారతంలో వాఁడు, వీఁడు అని మధ్యలో అరసున్న ఉండేది. ఇదేంటి తాతయ్యా, పలకట్లేదుగా అంటే, ఒకప్పుడు ముక్కుతో పలికేవాళ్లమ్మా అనేవారు. ఇది కూడా అరసున్నేనన్నమాట."

ఇంతకన్నా మంచి వివరణ నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి పలకని అక్షరాలన్నీ మాకు అరసున్నలే. నైట్‌లో రెండు, లైట్‌లో రెండు, కోంబ్ చివర బి ఒకటి. కోంబ్ అంటే దువ్వెన, అదీ ఈ పుస్తకంలో ఉంది. అరసున్న కనబడితే ఆవిడ పెన్సిలుతో దాని కింద చిన్న చుక్క పెట్టుకునేవారు. కోప్పడటం మానేశారు.

సెప్టెంబరు చివర్లో ఆవిడే అడిగారు, పరీక్ష పెట్టమని. "పిల్ల ముందు తప్పులు చదవడంకన్నా మీ ముందు చదవడం నయం."

నేనెంచుకున్న పద్ధతి అసర్ సర్వేవాళ్లది. 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే సర్వే అది. వాళ్ల ఇంగ్లీషు పరీక్ష అంతా ఒక్క కాగితమే: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, తేలికైన వాక్యాలు నాలుగు. ఐదు మాటలు చదవమంటే నాలుగు సరిగ్గా రావాలి. నాలుగు వాక్యాల్లో కనీసం రెండు ఆగకుండా చదవాలి. ఆ పైన అర్థం అడుగుతారు. చదవడం వేరు, అర్థం కావడం వేరు అని విడదీసి చూడటమే అందులో నాకు నచ్చే సంగతి. పెద్ద అక్షరాలు వదిలేసి, అదే వరసలో నా సొంత మాటలు, వాక్యాలు రాశాను.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆవిడ తలస్నానం చేసి, గడపకి పసుపు రాసి, ఇస్త్రీ చీర కట్టుకుని పైకి వచ్చారు. పరీక్ష కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అక్షరాల కింద ఆవిడ వేలు ఆనిన చోటల్లా పసుపు మరకలు. తడబడకుండా చదివిన చోట మరక పల్చగా ఉంటుంది. ఆగిన చోట చిక్కగా.

అన్నిటికన్నా చిక్కటి మరక డి కింద. చిన్న అక్షరాల్లో బి, డి రెండూ అద్దంలో బొమ్మల్లాంటివి. నిలువు గీతకి బొజ్జ ఎటుందన్నదే తేడా. డి చూపిస్తే బ్ అన్నారు. మిగతా నాలుగూ సరే. మాటల్లో రెడ్, సన్, హ్యాండ్, మిల్క్ చదివి ఐదోదాని దగ్గర "బుస్" అన్నారు. నేను ఏమీ అనలేదు. పరీక్ష కదా. పాములా బుస్సుమంటుందా అని తనలో తనే అనుకుని, కాసేపు చూసి, ఉలిక్కిపడినట్టు తలెత్తారు. "బస్సా! పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అనే మాట!" దిద్దుకున్నారు కానీ, మొదట వచ్చింది మొదట వచ్చినట్టే రాసుకున్నాను. ఐదుకి నాలుగు.

వాక్యాలు నాలుగింట్లో మూడు ఆగకుండా వచ్చాయి. అర్థం అడిగాను. చంద్రుడు పైన ఉన్నాడు, సరే. నాకు పాలు ఇష్టం, సరే. మూడోది: షీ హాజ్ మెనీ బుక్స్. ఆవిడ ఎక్కడా తడబడకుండా "షీ హాజ్ మనీ బుక్స్" అని చదివారు కాబట్టి నేనూ ఒక్క క్షణం గమనించలేదు. అర్థం చెప్పమంటే: "ఆవిడ దగ్గర డబ్బు పుస్తకాలున్నాయి. బ్యాంకు పాసుపుస్తకాలు." ఎంత చక్కగా అతికింది! గొంతు సాఫీగా సాగినంత మాత్రాన చదివినట్టు కాదని పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఇంత శుభ్రంగా నాకెవరూ చూపించలేదు. ఆ వాక్యం తీసేసినా రెండున్నాయి. రెండు చాలు.

"పాసయ్యారండీ" అన్నాను.

"నూటికెన్ని?"

అందులో నూటికి లెక్క ఉండదని చెప్పాను. ఆవిడకి తృప్తి కలగలేదు. కాగితం తీసుకుని, మెనీ దగ్గర పెన్సిలుతో సున్నా చుట్టి, మర్నాడు ఆ ఒక్క మాటే పది వాక్యాల్లో రాయించుకున్నారు.

వారం తర్వాత అసలుది. డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిదంటే మనకి ఆదివారం పొద్దున ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటే ఏడున్నర అవుతుంది, పూజ వేళ మారిపోతుందని ఆవిడ అప్పటికే కోడలితో మాట్లాడి పెట్టుకున్నారు. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి, కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం విప్పి తెర వైపు తిప్పారు. తిప్పి, నిలబడిపోయారు.

తెర మీద అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. బి చోట డి, డి చోట బి. మూడు నెలలు నేర్చుకున్నదంతా తప్పన్నట్టు నా వైపు చూశారు. ఎదురుగా ఉండే కెమెరా మనకి మన బొమ్మని అద్దంలోలా చూపిస్తుంది, అవతలివాళ్లకి మాత్రం సరిగ్గానే వెళ్తుంది. నా ఫోనులోంచి ఆ కాల్‌లోనే చేరి, పక్కన పెట్టి చూపించాను. అందులో అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. తెర చూడొద్దు, పుస్తకమే చూడండి అన్నాను.

అవతల మంచం మీద పిల్లలిద్దరూ. మనవడు దిండు అంచు నములుతున్నాడు. మనవరాలు మోకాళ్ల మీద కూర్చుంది.

ఆవిడ మొదలుపెట్టారు. మొదటి పేజీ వణికింది, రెండో పేజీ కుదురుకుంది. మూడో పేజీకి బేతాళ కథల గొంతు వచ్చేసింది. ఒకచోట పాత అలవాటు నోట్లోంచి జారి "మూను" అన్నారు.

"మూన్, నాయనమ్మా. మూను కాదు, మూన్."

"మూన్" అని దిద్దుకుని ముందుకి సాగారు. గడియారం ఎనిమిదీ పది చూపించే పేజీ దాకా ఇంకెక్కడా ఆగలేదు. ఎలుక ఎక్కడుందో పిల్ల ప్రతి రంగుల పేజీలోనూ చూపించింది. ఉయ్యాల కుర్చీలో కూర్చుని అల్లిక అల్లుకునే ముసలి కుందేలు కనబడగానే, అది నువ్వేనంది.

పుస్తకం మూశాక పిల్ల అడిగింది, ఇన్నాళ్లూ అమ్మనీ నాన్ననీ అడగని ప్రశ్న. "నాయనమ్మా, వాట్ ఈజ్ మష్?"

గదిలో బల్ల మీద దువ్వెన పక్కన ఒక గిన్నె ఉంటుంది. అందులో ఉండేది మష్. ఆ పిల్లకి మాట కంఠతా వచ్చు, వస్తువు తెలీదు. వాళ్లింట్లో ఎవరూ అది వండరు. జూలైలో ఇదే ప్రశ్న ఆవిడ నన్నడిగారు. మొక్కజొన్న పిండి నీళ్లలో ఉడికించి చేసేదని చెప్పాను.

ఆవిడ నా వైపు చూడలేదు. "జావ, బంగారం. నిరుడు నీకు జ్వరమొస్తే రాగిపిండితో కాచి పెట్టానే, గుర్తుందా? అలాంటిదే, ఇది మొక్కజొన్నతో."

"జావా," అంది పిల్ల.

"జావా కాదమ్మా, జావ. చివర దీర్ఘం లేదు."

"జావ."

"ఆఁ. ఇంకోసారి అను."